కబడ్డీ రైడర్ వెనక్కి మళ్లే మలుపు: ఆపే అడుగు, తిప్పే అడుగు, తొడ-తుంటి కండరాల మీద పడే బరువు

"నేరుగా పరిగెత్తితే ఏమీ ఉండదు. కార్నర్ దగ్గర ఆగి వెనక్కి మళ్లినప్పుడే గజ్జలో పట్టేస్తుంది. ఎందుకు?" రైడర్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. మాటలు మారతాయి. ఒకరికి గజ్జ, ఒకరికి తొడ ముందు భాగం, ఇంకొకరికి తుంటి పక్కన నొప్పి. అందరూ చెప్పే క్షణం మాత్రం ఒక్కటే, కాలు నాటి దిశ మార్చే క్షణం.

అందుకే ఇక్కడ ఆ ఒక్క మలుపు గురించే రాస్తున్నాను. ఏ కండరం మీద ఎప్పుడు బరువు పడుతుందో ముందు చూద్దాం. తర్వాత సాధన, తప్పులు, దిద్దుకోవడం ఒక వరుసలో వస్తాయి.

## 1. ఏ మలుపు గురించి మాట్లాడుతున్నాం

పురుషుల కోర్టులో మధ్య గీత నుంచి బాక్ లైన్ 3.75 మీటర్లు. అక్కడి నుంచి ఇంకో మీటరు దాటితే బోనస్ లైన్. రైడర్ బాక్ లైన్ దాటి తనకు కుడి చేతివైపు ఉన్న కార్నర్ మీదికి ఏటవాలుగా వెళ్లాడనుకోండి. డిఫెన్స్ లెక్కలో అక్కడ నిలబడే డిఫెండర్ లెఫ్ట్ కార్నర్. చేతితో తాకే ప్రయత్నం చేసి, కుడి కాలు నాటి, ఎడమవైపు వెనక్కి మళ్లి మధ్య గీతకు రావాలి.

ఇందులో చివరి రెండు అడుగులే ముఖ్యం. ముందుది ఎడమ కాలితో పడుతుంది, దాన్ని ఆపే అడుగు అందాం. తర్వాతది కుడి కాలితో పక్కకు పడుతుంది, అది తిప్పే అడుగు. తన ఎడమ చేతివైపు కార్నర్ మీదికి వెళ్తే కాళ్లు తారుమారవుతాయి, మిగతాదంతా అదే.

చాలామంది రైడర్లు తిప్పే అడుగునే సాధన చేస్తారు. నొప్పి వచ్చేది కూడా ఆ కాలికే కాబట్టి తప్పు అక్కడే ఉందనుకుంటారు. నేను చూసినంతలో తప్పు ఎక్కువగా దానికి ఒక అడుగు ముందే జరిగిపోయి ఉంటుంది.

## 2. ఏ కండరం ఎప్పుడు ఏం చేస్తుంది

బరువైన బిందెను తాడుతో బావిలోకి దించడం ఊహించుకోండి. తాడు చేతుల్లోంచి కిందికి పోతూనే ఉంటుంది, మీరు మాత్రం పట్టు వదలరు. ఆగేటప్పుడు తొడ కండరం చేసే పనీ అదే. సాగుతూనే బిగుసుకుని ఉంటుంది. పరుగు అందుకునేటప్పుడు కండరం కుంచించుకుంటూ తోస్తుంది, ఆగేటప్పుడు సాగుతూ పట్టి ఆపుతుంది. కండరానికి ఎక్కువ బలం పుట్టేదీ, లోపల ఎక్కువ దెబ్బ తగిలేదీ ఈ రెండో పనిలోనే.

ఆపే అడుగులో ఎడమ పాదం శరీరానికి ముందు పడుతుంది. మోకాలు వంగుతుంది. ఆ వంపు ఒక్కసారిగా కూలిపోకుండా పట్టుకునేది తొడ ముందు కండరాలు, జిమ్‌లో క్వాడ్స్ అనేవి. ఛాతీ ముందుకు పడిపోకుండా తుంటి దగ్గర పట్టుకునేవి పిరుదు పెద్ద కండరం, తొడ వెనక ఉండే హ్యామ్‌స్ట్రింగ్స్. మోకాలు, తుంటి రెండూ కలిసి వంగితే ఈ మూడూ బరువు పంచుకుంటాయి. నడుము నిటారుగా ఉంచి మోకాలే వంచితే భారమంతా తొడ ముందు భాగం మీదా, మోకాలి చిప్ప కింద తాడులా ఉండే టెండన్ మీదా పడుతుంది.

తిప్పే అడుగులో కుడి పాదం శరీరానికి పక్కగా పడుతుంది. ఇక్కడ పని రెండు రకాలు. మోకాలి వంపును మళ్లీ క్వాడ్స్ ఆపాలి. అదే సమయంలో తొడ లోపలికి కూలకుండా, కటి ఒకవైపు జారకుండా తుంటి పక్కన ఉండే గ్లూటియస్ మీడియస్ పట్టుకోవాలి. ప్యాంటు జేబు వెనక భాగం మీద చేయి పెట్టుకుని ఒంటికాలిమీద నిలబడితే అది బిగుసుకోవడం మీకే తెలుస్తుంది.

గజ్జ వంతు ఆ తర్వాత వస్తుంది. శరీరం ఎడమవైపు వెళ్లిపోతుంటే కుడి కాలు ఇంకా నేల మీద వెనకబడి ఉంటుంది. తొడ బయటికీ వెనక్కీ తెరుచుకుంటుంది. లోపలి తొడ కండరాలు, అంటే అడ్డక్టర్లు, దాదాపు పూర్తిగా సాగిన స్థితిలో బిగుసుకుని కాలును మళ్లీ లోపలికి తేవాలి. వీటిలో అడ్డక్టర్ లాంగస్ అనేది గజ్జ ఎముక దగ్గర సన్నని తాడులా అంటుకుని ఉంటుంది. "గజ్జలో పట్టేసింది" అని రైడర్లు చూపించే చోటు చాలాసార్లు అదే.

అంటే గజ్జ మీద పెద్ద బరువు పడేది కాలు నాటిన క్షణంలో కాదు, ఆ కాలిని వదిలి వెళ్లే క్షణంలో. ఈ తేడా తెలిస్తే నొప్పి ఎక్కడ మొదలైందో వెతకడం తేలిక.

## 3. ఒక చిన్న లెక్క

రైడర్ బరువు 70 కిలోలు. కార్నర్ మీదికి సెకనుకు 3 మీటర్ల వేగంతో వస్తున్నాడు. మలుపు తర్వాత సెకనుకు 1 మీటరు వేగంతో వెనక్కి కదలాలి. తిప్పే పాదం నేల మీద పావు సెకను ఉంటుందనుకుందాం. లెక్క తేలికగా ఉండడానికి నేరుగా వెళ్లి నేరుగా వెనక్కి వచ్చినట్టు తీసుకుంటున్నాను.

ఆపే అడుగు ఏమీ ఆపలేదనుకోండి. అప్పుడు మొత్తం 4 మీటర్ల వేగం మార్పు ఒక్క కుడి కాలితోనే జరగాలి. 70ని 4తో గుణించి 0.25తో భాగిస్తే 1120 న్యూటన్లు. అంటే దాదాపు 114 కిలోల బరువును అడ్డంగా తోసినంత. పైగా ఇది సగటు మాత్రమే. పాదం పడిన తొలి క్షణాల్లో ఇంతకంటే ఎక్కువ ఉంటుంది. ఒంటి బరువు మోయడం దీనికి అదనం.

ఇప్పుడు ఆపే అడుగు వేగాన్ని 3 నుంచి 1.5కి తగ్గించిందనుకోండి. కుడి కాలికి మిగిలేది 2.5 మీటర్ల మార్పే. అదే లెక్కన 700 న్యూటన్లు, దాదాపు 71 కిలోలు. ఎడమ కాలు 0.2 సెకన్లలో తన వంతుగా 525 న్యూటన్లు, అంటే సుమారు 54 కిలోలు మోసింది.

114 కిలోలది 71కి వచ్చింది. కండబలం పెరగలేదు, చెప్పులు మారలేదు. ఒక అడుగు ముందుగా ఆగడం మొదలుపెట్టడమే తేడా.

వేగం సంగతీ ఇందులోనే చెప్పాలి. 3 మీటర్ల బదులు 4 మీటర్ల వేగంతో వస్తే వేగం మూడో వంతే పెరిగింది. కాళ్లు మింగాల్సిన శక్తి మాత్రం 315 జౌళ్ల నుంచి 560 జౌళ్లకు, అంటే దాదాపు 80 శాతం పెరుగుతుంది. అందుకే సాధనలో వేగాన్ని ఆఖరున పెంచాలి.

## 4. మొదలుపెట్టే ముందు

గజ్జ పరీక్ష. వెల్లకిలా పడుకుని కాళ్లు చాపండి. జతగాడు తన ముంజేతిని మీ రెండు చీలమండల మధ్య అడ్డంగా పెట్టాలి. మీరు 5 సెకన్లపాటు గట్టిగా నొక్కండి. నొప్పికి 0 నుంచి 10 వరకు మార్కులు వేయండి.

- 0 నుంచి 2: పూర్తి సాధన చేయవచ్చు.
- 3 నుంచి 5: నెమ్మది అడుగులు మాత్రమే, వేగపు మలుపులు వద్దు.
- 6, ఆపైన: ఆ రోజు మలుపులు అసలు వద్దు. రెండు మూడు రోజులు అలాగే ఉంటే ఫిజియోథెరపిస్టుకు చూపించాలి.

రోజూ సాధనకు ముందు ఈ పరీక్ష చేసి మార్కు రాసుకోండి. వారం పొడవునా 1, 1, 2, 3 అని మెల్లగా పెరుగుతుంటే, పట్టేయడానికి ముందే మీకు కబురు అందినట్టు.

నేల. మట్టి కోర్టులో పాదం కొంచెం జారుతుంది. ఆ జారుడులో కొంత వేగం కరిగిపోతుంది. మ్యాట్ మీద బూటు గట్టిగా పట్టేస్తుంది, ఆగడం త్వరగా జరుగుతుంది, ఆ భారం కండరం మీదికి వస్తుంది. మట్టి మీద అలవాటైన రైడర్ మ్యాట్ మీదికి మారిన మొదటి రెండు వారాలు మలుపుల సంఖ్య సగం చేసుకోవాలి. మ్యాట్ అతుకుల మీద కాలు నాటే చోటు రాకుండా చూసుకోండి, చెమట తుడిపించండి.

ఒళ్లు వేడెక్కించడం. 12 నుంచి 15 నిమిషాలు సరిపోతుంది. నెమ్మది పరుగు, పక్క అడుగులు, కాలు ముందుకూ పక్కకూ ఊపడం, వెడల్పుగా నిలబడి ఒక కాలివైపు ఒరిగి కూర్చోవడం ఒక్కో వైపు 6 సార్లు. చివర్లో సగం వేగంతో నాలుగైదు ఆగుళ్లు. కూర్చుని గజ్జను చాలాసేపు సాగదీసి అక్కడి నుంచే వేగపు మలుపులకు లేవడం నాకు ఇష్టం లేదు. ఆ సాగదీత సాధన అయ్యాక చేసుకోండి.

ఫోన్. స్లో మోషన్‌లో పెట్టి, మోకాలి ఎత్తులో, కార్నర్ నిలబడే చోట రైడర్‌కి ఎదురుగా ఉంచండి. ఇంకొక ఫోన్ దొరికితే పక్క నుంచి పెట్టండి. పై నుంచి తీసిన వీడియోలో మోకాలు లోపలికి పడడం సరిగ్గా కనబడదు.

## 5. అడుగుల క్రమం

ఒక్కో దశలో వరుసగా 5కి 5 శుభ్రంగా వస్తేనే పైకి వెళ్లండి. శుభ్రంగా అంటే పాదం జారకూడదు, మోకాలు లోపలికి పడకూడదు, ఆగిన చోట ఊగకూడదు.

### దశ 1: నడుస్తూ ఆగడం

మూడు అడుగులు నడిచి నాలుగో అడుగులో ఒంటికాలిమీద ఆగండి. పాదం మొత్తం నేలకు ఆననివ్వండి. తుంటిని వెనక్కి నెట్టి మోకాలు వంచండి, ఛాతీ కొంచెం ముందుకు రావాలి. ఎదురు నుంచి చూస్తే మోకాలు, రెండో వేలు ఒకే వరుసలో ఉండాలి. 2 సెకన్లు నిలబడండి. ఒక్కో కాలితో 6 సార్లు.

ఇది చిన్నపిల్లల ఆటలా అనిపిస్తుంది. అయినా పెద్ద రైడర్లలో కూడా ఒక కాలితో నిలిచి ఇంకో కాలితో తూలేవాళ్లు ఎక్కువే. తూలే కాలేదో ఇక్కడే తెలిసిపోతుంది.

### దశ 2: రెండడుగుల్లో ఆగడం

5 మీటర్లు నెమ్మదిగా పరిగెత్తి ఎడమ, కుడి అని రెండడుగుల్లో ఆగండి. మొదటి అడుగు పడుతుండగానే తుంటి కిందికి దిగాలి. రెండో అడుగు పడేసరికి వేగం సగమైపోయి ఉండాలి.

సరిగ్గా వస్తోందా లేదా అన్నది చెవికి తెలుస్తుంది. రెండు అడుగుల చప్పుడు దాదాపు సమానంగా ఉంటే బరువు పంచుకున్నట్టు. మొదటిది మెత్తగా, రెండోది "ధబ్" అని వినిపిస్తే ఆపే అడుగు తన పని చేయలేదు. జతగాణ్ని కళ్లు మూసుకుని వినమనండి. వీడియో కంటే వేగంగా దొరుకుతుంది తప్పు.

### దశ 3: ఆగి తిరగడం

అవే రెండడుగులు. రెండో అడుగును శరీరానికి పక్కగా వేసి దిశ మార్చండి. మొదటి వారం 45 డిగ్రీలు, తర్వాత 90, ఆపైన పూర్తిగా వెనక్కి. కోణం పెరిగేకొద్దీ ముందుగా ఆగడం మొదలుపెట్టాలి. 45 డిగ్రీలకు పెద్దగా ఆగకుండానే మళ్లవచ్చు. వెనక్కి రావాలంటే మాత్రం ఆపే అడుగుతో పాటు దాని ముందు అడుగు కూడా కొంచెం పొట్టిగా పడాలి.

తిప్పే పాదం తుంటి వెడల్పుకంటే ఒక పాదం పొడవు బయటికి పడితే చాలు. మునివేళ్లు కొత్త దిశవైపు కొద్దిగా తిరిగి పడాలి. పాదం కార్నర్ వైపే చూస్తూ ఉండిపోతే పై శరీరం మాత్రమే తిరిగి, ఆ మెలిక మోకాలికీ గజ్జకీ చేరుతుంది.

వదిలే క్షణాన్ని మర్చిపోకండి. ఎడమ కాలు కొత్త దిశలో మొదటి అడుగు పొట్టిగా, త్వరగా వేయాలి. అప్పుడు కుడి కాలు ఎక్కువసేపు వెనక సాగి ఉండదు. గజ్జకు దొరికే పెద్ద ఉపశమనం ఇదే.

### దశ 4: చేతిని కలపడం

కబడ్డీ మలుపు మిగతా ఆటల మలుపు లాంటిది కాకపోవడానికి కారణం ఈ చేయి. కుడి చేయి కార్నర్ వైపు చాస్తే పై శరీరం కుడికి ఒరుగుతుంది. అదే క్షణంలో కుడి కాలు నాటితే ఒంటి బరువంతా ఆ కాలి బయటివైపుకు చేరుతుంది. మోకాలు లోపలికి విరిగే వైపు ఒత్తిడి పెరుగుతుంది. వెళ్లాల్సింది ఎడమకు, బరువున్నది కుడికి. ఆ బరువును మళ్లీ ఎడమకు తేవడానికి తుంటి పక్క కండరం, గజ్జ కండరాలు రెట్టింపు పని చేయాలి.

అందుకే వరుస ఇలా ఉండాలి: ఎడమ కాలితో ఆపే అడుగు, ఆ అడుగు మీదే చేయి చాచి తాకడం, చేయి వెనక్కి వస్తుండగా కుడి కాలు నాటడం. చేయి వెళ్లేటప్పుడు ఆపే కాలు మీద ఉండాలి, కుడి పాదం నేలను తాకేసరికి ఛాతీ రెండు పాదాల మధ్యకు వచ్చేయాలి.

మొదట నడకలోనే లెక్కపెట్టుకుంటూ చేయండి. "ఆగు, తాకు, నాటు" అని నోటితో అనుకుంటే వరుస త్వరగా ఒంటికి పడుతుంది. ఒక్కో వైపు 8 సార్లు.

ఈ వరుసలో చేయి కొన్ని అంగుళాలు తక్కువ దూరం వెళ్తుందని రైడర్లు అభ్యంతరం చెబుతారు. నిజమే, వెళ్తుంది. ఆ అంగుళాలను ఆపే అడుగును కొంచెం లోతుగా వేసి సంపాదించుకోవాలి, నడుము పక్కకు విరిచి కాదు.

### దశ 5: కూత, డిఫెండర్

కూత పెడుతున్నంతసేపూ ఊపిరి బయటికి పోతూనే ఉంటుంది. ఊపిరి బిగబట్టి నడుమును రాయిలా చేసుకునే వీలు రైడర్‌కి ఉండదు. కూత లేకుండా బాగా వచ్చిన మలుపు కూతతో చెడిపోవడం అందుకే. కాబట్టి ఈ దశ నుంచి ప్రతి మలుపూ కూతతోనే చేయండి.

ఆ తర్వాత ఒక డిఫెండర్‌ని నిలబెట్టండి. మొదట అతను కదలకుండా ఉంటాడు. తర్వాత చేతి సైగతో ఎటు మళ్లాలో చెబుతాడు. ఆఖరున నిజంగానే యాంకిల్ హోల్డ్‌కి వస్తాడు. ఎటు మళ్లాలో ముందే తెలిసినప్పుడు ఆపే అడుగు అందరికీ వస్తుంది. తెలియనప్పుడు కూడా వస్తేనే అది మీదైనట్టు.

ఎన్ని సార్లు: మొదటి వారం పూర్తి వేగపు మలుపులు ఒక్కో వైపు 10కి మించవద్దు. మలుపుకూ మలుపుకూ మధ్య అర నిమిషం విరామం ఇవ్వండి. వారానికి రెండేసి చొప్పున పెంచండి. వారంలో రెండు రోజులు చాలు, మధ్యలో కనీసం 48 గంటలు ఉండాలి.

## 6. ఎక్కువగా కనబడే తప్పులు

చివరి అడుగు పొడవుగా, మోకాలు నిటారుగా పడడం. అన్నిటిలోకీ ప్రమాదకరమైనది ఇదే. మోకాలు దాదాపు చాపి ఉన్నప్పుడు క్వాడ్స్ లాగుడు కింది కాలి ఎముకను ముందుకు తోస్తుంది. దాన్ని వెనక్కి పట్టి ఉంచాల్సిన హ్యామ్‌స్ట్రింగ్స్‌కి ఆ కోణంలో సరైన పట్టు దొరకదు. మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంటు తెగే ఘటనలు చాలావరకు పాదం నేలను తాకిన వెంటనే, కన్ను మూసి తెరిచేలోపే జరుగుతాయి. ఆ తర్వాత మోకాలు వంచుదామంటే సమయం ఉండదు, నేలను తాకేటప్పుడే వంగి ఉండాలి.

వీడియోలో పాదం తాకిన ఫ్రేమ్ దగ్గర ఆపి చూడండి. కాలు కర్రలా కనబడితే దశ 2కి వెనక్కి వెళ్లండి. "మోకాలు వంచు" అని అరవడం వల్ల ఏమీ మారదు. ఆపే అడుగు మీద తుంటి కిందికి దిగితే తిప్పే కాలు దానంతటదే వంగి పడుతుంది.

మోకాలు లోపలికి కూలడం. ఎదురుగా తీసిన వీడియోలో మోకాలు బొటనవేలి లోపలికి వస్తుంది. కొందరికి ఇది తుంటి పక్క కండరం బలహీనత, కొందరికి కాలు మరీ దూరంగా నాటడం. తేల్చుకోవడానికి 15-20 సెంటీమీటర్ల మెట్టు మీద నుంచి ఒంటికాలితో నెమ్మదిగా దిగి చూడండి. అక్కడా మోకాలు కూలితే బలం పెంచాలి. అక్కడ బాగుండి మలుపులోనే కూలితే పాదం దగ్గరగా వేయాలి.

వెనక కాలు ఈడ్చుకు రావడం. వదిలేసిన కాలి బొటనవేలు మ్యాట్ మీద గీత గీస్తున్నట్టు వస్తుంది. అడ్డక్టర్లు సాగి ఉన్న సమయం పెరుగుతుంది. కొత్త దిశలో మొదటి అడుగును పొట్టిగా చేయడమే మందు.

ఆఖరి పాయింట్ల అలసట. సాధన చివర్లో ఆపే అడుగు మాయమవుతుంది. అలసిన తొడ కిందికి దిగడానికి ఇష్టపడదు, శరీరం నిటారుగానే వచ్చి ఒక్క కాలిమీద ఆగుతుంది. చప్పుడు మారిన వెంటనే ఆ రోజుకు వేగపు మలుపులు ఆపేయండి.

## 7. కండరాలకు అదనపు సాధన

వారానికి రెండుసార్లు, మ్యాచ్‌కు ముందురోజు కాకుండా. ఎక్కువ రకాలు అక్కర్లేదు.

- స్ప్లిట్ స్క్వాట్: ఒక కాలు ముందు, ఒకటి వెనక. 4 సెకన్లు లెక్కపెడుతూ దిగండి, మామూలుగా లేవండి. ఒక్కో కాలికి 6 సార్లు, 3 విడతలు. దిగడంలోనే అసలు పని ఉంది, ఆపే అడుగులో క్వాడ్స్ చేసేది అదే.
- కోపెన్‌హేగన్ సాధన: పక్కకు తిరిగి మోచేయి మీద ఆనుకోండి. పై కాలును జతగాడు పట్టుకుంటాడు లేదా బెంచి మీద పెడతారు. లోపలి తొడ బలంతో నడుము పైకి లేపి నెమ్మదిగా దించండి. మొదట మోకాలి దగ్గర పట్టుకోవాలి, బలం వచ్చాక చీలమండ దగ్గర. ఒక్కో వైపు 5తో మొదలుపెట్టి కొన్ని వారాల్లో 10కి వెళ్లండి, 2 విడతలు.
- మెట్టు దిగడం: పైన చెప్పిన మెట్టే. 3 సెకన్లలో దిగుతూ ఒక్కో కాలికి 6, 3 విడతలు, అద్దం ముందు.
- నార్డిక్: మోకాళ్ల మీద నిలబడితే జతగాడు చీలమండలు పట్టుకుంటాడు. ఒళ్లు నిటారుగా ఉంచి వీలైనంత నెమ్మదిగా ముందుకు వాలండి. 4 సార్లు, 2 విడతలు. తొలిసారే పది చేస్తే మూడు రోజులు కుంటుతారు.

మొదటి వారం తర్వాత ఒకటి రెండు రోజులు తొడలు నొస్తాయి. సాగుతూ బరువు మోసిన కండరానికి అది సహజం. రెండో, మూడో వారానికి అదే పనికి అంత నొప్పి రాదు.

## 8. ఒక రైడర్ ఉదాహరణ

70 కిలోల కుర్రాడు, కుడి గజ్జలో ఆరు వారాలుగా లాగుడు. గజ్జ పరీక్షలో 4 వచ్చింది. ఎముక దగ్గర వేలితో నొక్కితే నొప్పి. నేరుగా పరిగెత్తితే ఏమీ లేదు.

అతని కుడివైపు మలుపులు 10, ఎడమవైపు 10 వీడియో తీశాం. కుడివైపు 8 మలుపుల్లో చేయి చాచి ఉండగానే కుడి పాదం పడింది. ఆపే అడుగులో ఎడమ మడమ నేలను తాకనే లేదు, మునివేళ్ల మీద దాటేశాడు. ఎడమవైపు ఆ తప్పు 2 సార్లే. అతను కుడి చేతి వాటం వాడు, కుడివైపు చేయి చాచడం మీదే నమ్మకం ఎక్కువ.

మొదటి రెండు వారాలు వేగపు మలుపులు మానేశాడు. దశ 1, 2 మాత్రమే చేశాడు, కోపెన్‌హేగన్ మోకాలి పట్టుతో 5 సార్లు. మూడో వారం పరీక్షలో మార్కు 2కి దిగింది. అప్పుడు దశ 3, 45 డిగ్రీలతో. నాలుగో వారం "ఆగు, తాకు, నాటు" నడకలో. అక్కడ చాలా విసుక్కున్నాడు. చేయి అందడం లేదన్నాడు. ఆపే అడుగును అరడుగు లోతుగా వేయించాక తాకే దూరం తిరిగి వచ్చింది.

ఆరో వారం మళ్లీ 10 తీస్తే 9 శుభ్రంగా వచ్చాయి, పరీక్షలో 1. ఎనిమిదో వారం పూర్తి మ్యాచ్ ఆడాడు. కోపెన్‌హేగన్ మాత్రం వారానికి ఒకసారి ఇప్పటికీ చేస్తూనే ఉన్నాడు.

## 9. ఆపేయాల్సిన సందర్భాలు

మామూలు ఒళ్లునొప్పి మరుసటి రోజు మొదలై, రెండు తొడల్లోనూ, విశాలంగా ఉంటుంది. కదిలితే తగ్గుతుంది. కండరం పట్టేసిన నొప్పి ఒక్క క్షణంలో, ఒక్క కాలిలో, ఒక్క చోట వస్తుంది. ఏ మలుపులో వచ్చిందో రైడర్ వేలు పెట్టి చెప్పగలడు. ఈ రెండో రకానికి సాధన కొనసాగించకూడదు.

కింది వాటిలో ఏది ఉన్నా డాక్టర్‌కి చూపించాలి:

- మలుపులో మోకాలి లోపల "టక్"మన్న చప్పుడు, కొన్ని గంటల్లో వాపు.
- కాలు మీద బరువు వేస్తే మోకాలు జారిపోతున్నట్టు ఉండడం.
- తొడ మీద నల్లబడిన మచ్చ, లేదా వేలికి తగిలే గుంట.
- దగ్గినా తుమ్మినా గజ్జలో నొప్పి.
- కూర్చుని లేచేటప్పుడు తుంటి లోతుగా పట్టేయడం, రెండు వారాలు దాటినా తగ్గకపోవడం.

తిరిగి వచ్చేటప్పుడు ఎంత బాగా అనిపించినా దశ 2 నుంచే మొదలుపెట్టండి. ముందు చప్పుడు వినండి, రెండు అడుగులూ సమానంగా వినిపించాకే దశ 3.